పదిహేడో జట్టు కోసం రాసే ప్రకటన

మా అన్నయ్య కూతురు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఈసారి కాలేజీ ఫెస్టులో ఈ-స్పోర్ట్స్ పోటీ నడిపే బాధ్యత ఆ పిల్లకు అప్పజెప్పారు. పోస్టరు తయారుచేసి నా ఫోనుకు పంపి, "ఎలా ఉంది బాబాయ్?" అని అడిగింది. బొమ్మ చాలా బాగుంది. అక్షరాలే తక్కువ. బీజీఎంఐ టోర్నమెంట్, స్క్వాడ్, ఎంట్రీ ఫీజు 200, ప్రైజ్ పూల్ 20,000, త్వరపడండి. అంతే.

"ఇది ఎవరు చదవాలని రాశావమ్మా?" అన్నాను. "ఆడేవాళ్లు" అంది. ఆడేవాళ్లందరూ ఒకటి కాదు కదండీ. గెలిచిన జట్టు ప్రకటనను మళ్లీ తిరిగి చూడదు. మొదటి మ్యాచ్ నుంచీ వెనకబడ్డ జట్టూ చూడదు. ఫైనల్‌కు పదహారు జట్లు వెళ్లేచోట పదిహేడో స్థానంలో ఆగిపోయిన జట్టు ఒకటుంటుంది, అది మాత్రం ప్రతి అక్షరం వెతికి చదువుతుంది. పోటీ రోజు మధ్యాహ్నం ఆ నలుగురు పిల్లలు బల్ల ముందుకొచ్చి "మేమెందుకు లేం?" అని అడిగినప్పుడు, వేలు పెట్టి చూపించడానికి ప్రకటనలో ఒక వాక్యం ఉండాలి. అది లేకపోతే అక్కడికక్కడ ఏది చెప్పినా పక్షపాతంలాగే వినిపిస్తుంది. అందుకే ప్రకటన ఆ పదిహేడో జట్టు కోసం రాయాలని నేనంటాను.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను మన దేశంలో నిషేధించారు. పబ్‌జీ సొంతదారైన కొరియా సంస్థ క్రాఫ్టన్ 2021 జులైలో మన దేశం కోసమే విడిగా బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాను విడుదల చేసింది. అదే బీజీఎంఐ. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి పోయింది, 2023 మేలో తిరిగి వచ్చింది. విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు, ఆయుధాలు వెతుక్కుంటారు, ఆడే స్థలం వలయంలా కుంచించుకుపోతూ ఉంటుంది, చివరికి మిగిలిన జట్టు గెలుస్తుంది. పోటీల్లో జట్టుకు నలుగురు, ఒక గదికి పదహారు జట్లు, అంటే అరవై నాలుగు మంది. ఇక్కడ గది అంటే నాలుగు గోడలది కాదు, ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే లోపలికి వెళ్లే ఆటలోని రూమ్.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కబడ్డీలోలాగా ఇద్దరిని ఎదురెదురు నిలబెట్టి, ఓడినవాళ్లను ఇంటికి పంపుతూ పోయే ఆట కాదిది. ఒకేసారి పదహారు జట్లు ఆడతాయి. ఒక్క మ్యాచ్‌లో అదృష్టం పాలు ఎక్కువ, ఎందుకంటే వలయం ఎటు ముడుచుకుంటుందో ఎవరి చేతిలోనూ లేదు. కాబట్టి కొన్ని మ్యాచ్‌ల పాయింట్లు కలిపి లెక్కేయాలి. మా పిల్ల ముప్పై రెండు జట్లను తీసుకుందామనుకుంది. ఆమె మొదటి ఆలోచన రెండు సగాలు చేసి, ఒక్కో సగంలోంచి మొదటి ఎనిమిది జట్లను ఫైనల్‌కు పంపడం. వినడానికి సులువుగానే ఉంది. కానీ గట్టి జట్లన్నీ ఒకే సగంలో పడితే, అక్కడ తొమ్మిదో స్థానంలో ఆగిపోయిన జట్టుకు అన్యాయం జరిగినట్టే. అవతలి సగంలోని ఎనిమిదో జట్టుకన్నా తామే మేలని వాళ్లు వాదిస్తే కాదనడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఆ రెండు జట్లూ ఒక్కసారైనా ఎదురుపడలేదు కదా.

దానికి బదులు ముప్పై రెండింటినీ ఎనిమిదేసి జట్లున్న నాలుగు గ్రూపులు చేయమన్నాను. ఏ, బీ, సీ, డీ అనుకోండి. ఒక్కో మ్యాచ్‌కు రెండు గ్రూపులు కలిసి దిగుతాయి. ఏతో బీ, సీతో డీ, తర్వాత ఏతో సీ, బీతో డీ, చివరగా ఏతో డీ, బీతో సీ. మొత్తం ఆరు మ్యాచ్‌లు. ప్రతి జట్టూ మూడే ఆడుతుంది, కానీ మిగతా మూడు గ్రూపులనూ ఒక్కోసారి ఎదుర్కొంటుంది. పాయింట్లన్నీ ఒకే పట్టికలో పడతాయి, పైనున్న పదహారు జట్లు ఫైనల్‌కు వెళతాయి. ఒక మ్యాచ్ అరగంట, మళ్లీ రూమ్ సిద్ధం చేయడానికి పది నిమిషాలు. ఆరు మ్యాచ్‌లకు నాలుగు గంటలు. ఉదయం తొమ్మిదిన్నరకు మొదలుపెడితే ఒంటిగంటన్నరకు అయిపోతుంది. భోజనాలయ్యాక రెండున్నర నుంచి ఫైనల్ ఐదు మ్యాచ్‌లు పెట్టుకున్నా ఆరు గంటలలోపే ముగుస్తుంది. మధ్యలో ఒకటి తేడా కొట్టినా హాస్టల్ గేటు వేసేలోపు పిల్లలు చేరుకోగలరు.

దీంట్లో ఇంకో లాభం ఉంది. ఒకే గ్రూపులో ఉన్న జట్లు మూడు మ్యాచ్‌లలోనూ కలిసే ఉంటాయి, వేరే గ్రూపులవి ఒక్కసారే కలుస్తాయి. కాబట్టి ఒకే కాలేజీ నుంచి రెండు జట్లు వస్తే వాటిని వేర్వేరు గ్రూపుల్లో వేయాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక పాయింట్లు. ఇప్పుడు పెద్ద పోటీల్లో వాడే పట్టికలో గెలిచిన జట్టుకు 10, రెండో స్థానానికి 6, తర్వాత వరుసగా 5, 4, 3, 2, ఏడు, ఎనిమిది స్థానాలకు ఒక్కొక్కటి, ఆ కిందివాళ్లకు సున్నా. దీనికి తోడు ఒక్కో కిల్‌కు ఒక పాయింటు. ఒకప్పుడు మొదటి స్థానానికి 15 ఇచ్చే పట్టిక ఉండేది. పాత స్క్రీన్‌షాట్లు ఇంకా పిల్లల ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి ఏ పట్టికో ప్రకటనలో అంకెలతో సహా రాయాల్సిందే.

"సరే, రాస్తాను. ఇక గొడవేముంటుంది బాబాయ్?" అంది. కాగితం మీద రెండు జట్లు రాసి చూపించాను. మొదటి జట్టు ఒక మ్యాచ్ గెలిచింది, నాలుగు కిల్స్, అంటే 14. రెండోదాంట్లో పన్నెండో స్థానం, ఒక కిల్, అంటే 1. మూడోదాంట్లో పదిహేనో స్థానం, ఏమీ లేదు. మొత్తం 15. రెండో జట్టు మొదటి మ్యాచ్‌లో నాలుగో స్థానం, మూడు కిల్స్, అంటే 7. తర్వాత ఆరో స్థానం, నాలుగు కిల్స్, అంటే 6. తర్వాత ఎనిమిదో స్థానం, ఒక కిల్, అంటే 2. మొత్తం అదీ 15. పట్టికలో పదహారు, పదిహేడు స్థానాలు వీళ్లవే అనుకోండి. ఎవరిని ఫైనల్‌కు పంపుతారు?

కిల్స్ చూసి తేల్చితే రెండో జట్టు వెళుతుంది, వాళ్లవి ఎనిమిది, అవతలివాళ్లవి ఐదు. మ్యాచ్ గెలిచినవాళ్లకు ముందు చోటు అంటే మొదటి జట్టు వెళుతుంది. స్థానాల వల్ల వచ్చిన పాయింట్లు మాత్రమే చూసినా మొదటి జట్టే, పదికి ఏడు. ఆట ఒకటే, అంకెలు ఒకటే, వరుస మారితే ఇంటికి వెళ్లే నలుగురు పిల్లలు మారిపోతారు. ఆ వరుస పోటీ రోజు మధ్యాహ్నం నిర్ణయిస్తే, ఎంత నిజాయితీగా చేసినా, ఎవరికో మేలు చేయడానికే అలా చేశారంటారు. అందుకని నేను ఇలా రాయించాను: "పాయింట్లు సమానమైతే ముందు గెలిచిన మ్యాచ్‌ల సంఖ్య, తర్వాత స్థానాల పాయింట్లు, తర్వాత మొత్తం కిల్స్, అప్పటికీ తేలకపోతే చివరి మ్యాచ్‌లో ఎవరు పైన ఉన్నారు అన్నది చూస్తాం." పెద్ద పోటీల్లోనూ నడిచేది దాదాపు ఇదే వరుస. నాకు నచ్చింది కూడా ఇదే. చివరి దాకా బతికి ఉండటమే ఈ ఆటలో అసలు విద్య.

జట్టు సంగతికొద్దాం. "స్క్వాడ్" అని రాస్తే చాలదు. నలుగురు ఆడేవాళ్లు, ఒకరు సబ్‌స్టిట్యూట్, మొత్తం ఐదుగురు అని రాయాలి. ఆ ఐదో మనిషి ఎందుకంటే ఫోను వేడెక్కి ఆగిపోవచ్చు, ఎవరికైనా ల్యాబ్ ఎక్స్‌టర్నల్ పడొచ్చు. మార్పు మ్యాచ్‌కు మ్యాచ్‌కు మధ్యే జరగాలి, రూమ్ పాస్‌వర్డ్ ఇచ్చాక కుదరదు. రిజిస్ట్రేషన్‌లో ఒక్కొక్కరి కాలేజీ ఐడీ కార్డుతో పాటు ఆటలోని క్యారెక్టర్ ఐడీ కూడా తీసుకోవాలి. పేరొక్కటే తీసుకుంటే ఉపయోగం లేదు. ఆటలో పేరు మార్చుకోవడానికి రీనేమ్ కార్డు ఉంటుంది, సాయంత్రానికల్లా కొత్త పేరుతో కనిపించొచ్చు. ఆ అంకెల ఐడీ మాత్రం మారదు. రూమ్‌లోకి వచ్చినప్పుడు నిర్వాహకులు సరిచూడాల్సింది దాన్నే.

కాలేజీ ఐడీ కార్డు వల్ల ఆగిపోయే దొంగతనం ఒకటుంది. ముందటి ఏడు పాసై వెళ్లిపోయిన సీనియర్, బాగా ఆడే చేయి ఉన్నవాడు, జూనియర్ పేరు మీద కూర్చుంటాడు. ఫోను జూనియర్‌దే, అకౌంటూ వాడిదే, ఆడే వేళ్లే వేరు. ఆన్‌లైన్ పోటీలో దీన్ని పట్టుకోవడం చాలా కష్టం. అందరినీ ఒక హాల్లో కూర్చోబెడితే ఐడీ కార్డులో ఉన్న ముఖం, కుర్చీలో ఉన్న ముఖం ఒకటేనా అని చూస్తే చాలు. వీలైతే పోటీని హాల్లోనే పెట్టండని చెప్పడానికి నాకు ఇదే పెద్ద కారణం.

హాలన్నాక ఇంటర్నెట్ గోల ఉంటుంది. అరవై నాలుగు ఫోన్లు ఒకే వైఫై పెట్టె మీద వేలాడితే పింగ్ ఎర్రగా మారిపోతుంది, ఎదుటివాడిని కాల్చిన గుండు అర సెకను ఆలస్యంగా తగులుతుంది. సొంత మొబైల్ డేటా తెచ్చుకోవాలనీ, ఆట అప్‌డేట్, మ్యాపులు ముందు రోజు రాత్రే డౌన్‌లోడ్ చేసుకోవాలనీ ప్రకటనలోనే చెప్పేయాలి. ఫోన్లలో మాత్రమే ఆడాలి, టాబ్లెట్లు, కంప్యూటర్ ఎమ్యులేటర్లు కుదరవు అనీ రాయాలి. టాబ్లెట్ తెర ఆకారం వేరు, దాంట్లో కనిపించే మేర ఎక్కువ. ఒకరి నెట్ పోయిందని మ్యాచ్ మళ్లీ పెట్టరు, సర్వరే పడిపోతే పెడతారు. ఈ తేడా కూడా ఒక వాక్యంలో ఉండాలి.

ఇప్పుడు నడవడిక. చాలా ప్రకటనల్లో "క్రమశిక్షణ పాటించాలి" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. దాంతో ఎవరినీ ఆపలేరు, ఎవరినీ శిక్షించలేరు. ఏది తప్పో పేరు పెట్టి చెప్పాలి. హ్యాక్ వాడితే జట్టు మొత్తం బయటికి. ఈ విషయంలో ఎవరూ వాదించరు. బూతులు, ఆడపిల్లల మీద మాటలు, కులం పేరుతో, ఊరి పేరుతో ఎత్తిపొడుపులు వస్తే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి పాయింట్ల కోత, మూడోసారి బయటికి. ఇదంతా రాసిపెడితేనే ఫెస్టులో ఆడపిల్లల జట్లు ధైర్యంగా పేరిస్తాయి. మా పిల్ల తన క్లాసులోనే చాలా బాగా ఆడేవాళ్లున్నారనీ, మైకులో వినిపించే మాటల వల్లే పోటీలకు రారనీ చెప్పింది. నాకు ఈ ప్రకటన మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది బూతులు, ఎత్తిపొడుపుల మీద రాసిన వాక్యమే.

కష్టమైనది టీమింగ్. రెండు జట్లు శత్రువుల్లా దిగి, లోపల చేతులు కలపడం. పైన చెప్పిన ఒకే కాలేజీ రెండు జట్ల సంగతి ఇదే. వాళ్లు ఒకే హాస్టల్లో ఉంటారు, రాత్రి ఒకే గదిలో ఆడి వస్తారు. అలాంటివాళ్లను మూడు మ్యాచ్‌లూ ఒకే రూమ్‌లో పెడితే, ఎంత మంచి పిల్లలకైనా ఒకళ్ల మీద ఒకళ్లకు తుపాకీ ఎత్తడానికి మనసొప్పదు. వేర్వేరు గ్రూపుల్లో ఉంటే ఫైనల్‌లోపు ఒక్క మ్యాచ్‌లోనే కలుస్తారు.

దాన్ని పట్టుకోవడమెలా? రూమ్‌లో ప్రేక్షకుడిగా కూర్చున్నవాడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు జట్లు ఒకే చోట దిగి, పక్కపక్క ఇళ్లలో ఆయుధాలు ఏరుకుంటూ, చాలాసేపు ఒక్క తూటా కూడా పేల్చకపోతే అనుమానించాలి. మైదానంలో ఒకరికొకరు స్పష్టంగా కనిపిస్తూ ఉండి, మూడో జట్టు రాగానే ఇద్దరూ అటే తిరిగితే అనుమానం బలపడుతుంది. అయితే ఒకసారి కాల్చకపోవడం తప్పేమీ కాదు. వలయంలోకి పరిగెత్తే తొందరలో ఎదురైన జట్టును వదిలేయడం మంచి ఎత్తుగడే. అందుకే ఒక్క దృశ్యం చూసి శిక్షించకూడదు, అదే జంట మళ్లీ మళ్లీ అలా చేయాలి, రికార్డింగ్ చేతిలో ఉండాలి. ప్రతి ఆటగాడూ తన స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి ఉంచాలనీ, అడిగితే చూపించాలనీ, చూపించలేకపోతే ఆ ఫిర్యాదులో వాళ్ల మాట చెల్లదనీ రాయించాను. రికార్డింగ్ వల్ల ఫోను వేడెక్కుతుందని పిల్లలు గోల పెడతారు, నిజమే. పాత ఫోన్లున్నవాళ్లకు వెనకాల నుంచి చేతులు, తెర కనిపించేలా ఇంకో ఫోనుతో తీయించుకునే వీలు ఇవ్వాలి.

హాల్లో ఇంకొకటి. గోడ మీద పెద్ద తెర పెట్టి అందరి ఆటా చూపిస్తుంటే, ఆడేవాళ్లు తలెత్తితే చాలు, శత్రువు ఎక్కడ దాక్కున్నాడో కనిపిస్తుంది. ఆ తెర ఆటగాళ్ల వీపు వెనక కూడా ఉండకూడదు, స్నేహితులు సైగలు చేస్తారు. చూసేవాళ్లకు వేరే గది ఇవ్వడం మేలు.

ఫిర్యాదు చేయడానికి ఫలితం ప్రకటించాక పదిహేను నిమిషాలు గడువు. విని తేల్చేవాళ్లు ముగ్గురు, అందులో ఎవరి జట్టూ పోటీలో ఉండకూడదు, ఒకరు అధ్యాపకులై ఉండాలి. మా పిల్ల పేరు మొదట ఆ ముగ్గురిలో ఉంది. ఆమె తమ్ముడి జట్టు కూడా పేరిచ్చిందని తెలిశాక తనే తీసేసుకుంది.

బహుమతుల దగ్గర కొంచెం ఆగాలి. ఆమె లెక్కలో ముప్పై రెండు జట్లు, రెండేసి వందలు, 6,400 రూపాయలు వస్తుంది, దాన్ని ప్రైజ్ పూల్‌లో కలుపుదామనుకుంది. వద్దన్నాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను గట్టిగా బిగించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా పందెపు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా చూసింది. ప్రవేశానికో, నిర్వహణ ఖర్చులకో మాత్రమే ఫీజు తీసుకోవచ్చు, ఆటతీరును బట్టి బహుమతి ఇవ్వొచ్చు, కానీ ఆడేవాళ్లే కాదు, చూసేవాళ్లు కూడా పందెం కాయకూడదు. ఈ-స్పోర్ట్‌గా గుర్తింపు, నమోదు ఉండాలన్న షరతు కూడా ఆ చట్టంలోనే ఉంది. అందరి దగ్గరా వసూలు చేసి గెలిచినవాడికి ఇచ్చేస్తే అది పందెంలా కనిపిస్తుంది. ఆ గీత దగ్గరికే పోకుండా ప్రవేశం ఉచితం చేసి, బహుమతి మొత్తం ఫెస్టు నిధి నుంచీ స్పాన్సర్ల నుంచీ ఇమ్మన్నాను. ప్రిన్సిపాల్ సంతకంతో అనుమతి తీసుకుని, టోర్నమెంట్ల విషయంలో క్రాఫ్టన్ పెట్టిన నియమాలు కూడా చదవమన్నాను. ఉచితమైతే పేరిచ్చి రానివాళ్లు ఎక్కువవుతారు, దానికి నాలుగు రిజర్వు జట్లను పెట్టుకుని, తొమ్మిదింటికల్లా హాజరు వేయని జట్టు చోటు వాళ్లకివ్వాలి.

వయసు సంగతీ ఇక్కడే. మొదటి సంవత్సరం పిల్లల్లో పద్దెనిమిది నిండనివాళ్లు చాలామంది ఉంటారు. 2023లో ఆట తిరిగి వచ్చినప్పుడు వాళ్లకు రోజుకు మూడు గంటలు, పెద్దవాళ్లకు ఆరు గంటలు అని పరిమితి పెట్టారు. ఫైనల్ దాకా వెళ్లే జట్టుకు మూడు, ఐదు, మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు. చివరి దాకా బతికితే నాలుగు గంటలు. ఆ మూడు గంటల పరిమితి ఉన్న అకౌంట్ ఫైనల్ మధ్యలో ఆగిపోతుంది. పోటీ నాటికి ఏ నియమం నడుస్తోందో నిర్వాహకులు ఆటలోనే చూసుకుని, మైనర్లున్న జట్లకు తల్లిదండ్రుల అనుమతి కాగితంతో పాటు ఈ విషయమూ ముందే చెప్పాలి. లేదంటే గ్రూపు మ్యాచ్‌లు శనివారం, ఫైనల్ ఆదివారం పెట్టుకోవాలి. ఈ లెక్క చూశాక మా పిల్ల రెండు రోజులే ఖాయం చేసింది.

ఇరవై వేలను ఎలా పంచాలో కూడా రాశాం. మొదటి జట్టుకు పది వేలు, రెండోదానికి ఐదు, మూడోదానికి మూడు, అందరికన్నా ఎక్కువ కిల్స్ చేసిన ఆటగాడికి రెండు వేలు. కోచింగ్ కూపన్లనూ టీషర్టులనూ కలిపి పెద్ద అంకె వేయొద్దన్నాను, నగదు నగదుగానే కనిపించాలి. ఎప్పటిలోగా ఇస్తారో కూడా రాయాలి. పదిహేను రోజుల్లో, బ్యాంకు ఖాతాకే.

ఎవరి ఖాతాకు అన్న దగ్గర మా పిల్ల ఆగింది. "కెప్టెన్‌కు వేస్తాం, వాళ్లు పంచుకుంటారు" అంది. మరి ఒక్క మ్యాచ్ కూడా ఆడని సబ్‌స్టిట్యూట్‌కు వాటా ఉందా? నలుగురైతే తలకు రెండున్నర వేలు, ఐదుగురైతే రెండు వేలు. ఐదో పిల్లవాడు రెండు రోజులూ హాల్లో కూర్చుని, ఫోను చార్జింగ్ పెట్టుకుని, పిలుపు కోసం చూసినవాడే. కొంతసేపు ఆలోచించుకుని తనే రాసింది: "బహుమతి మొత్తం రిజిస్ట్రేషన్‌లో పేరున్న ఐదుగురికీ సమానంగా, ఎవరి ఖాతాకు వారికి." దాంతో రిజిస్ట్రేషన్ ఫారంలో ఇంకో గడి పెరిగింది, గెలిచాక నింపాల్సిన బ్యాంకు వివరాలు ఐదుగురివి. ఆ ఫారం ఇప్పుడు వాళ్ల ప్రిన్సిపాల్ టేబుల్ మీద ఉంది.